ఆమె నాకే మొదట చెప్పిందట

మా దవాఖానా వాట్సాప్ గ్రూపులో మామూలుగా రెండే రకాల మెసేజ్‌లు వస్తాయి. ఎవరు ఎవరితో డ్యూటీ మార్చుకున్నారన్నది ఒకటి, పొద్దున్నే దేవుడి బొమ్మలు రెండోది. ఆ మధ్యాహ్నం ఇంజక్షన్ గదిలో సిరంజిలు సర్దుతుంటే ఫోను ఆగకుండా మోగింది. తీసి చూస్తే అన్నీ చప్పట్లు, పూలగుత్తులు. పైకి జరిపి చూశాను. హెడ్ సిస్టర్ పెట్టిన మెసేజ్. మన సిస్టర్‌కు జర్మనీ వీసా వచ్చింది, అందరూ అభినందించండి అని.

మన సిస్టర్ అంటే ఎవరో నాకు వెంటనే తట్టలేదు. స్టాఫ్ నర్సులం ఆరుగురం. మాలో జర్మనీ పోయేవాళ్లు ఎవరున్నారబ్బా అనుకుంటూ కింద ఉన్న ఫోటో నొక్కాను. నా పక్క క్వార్టర్‌లో ఉండే పిల్ల. ఎనిమిదేళ్లుగా నా వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో నాకంటే బాగా తెలిసిన పిల్ల. పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని నవ్వుతోంది.

నేనింకా ఆ ఫోటో చూస్తుండగానే మా ఫార్మసిస్టు తలుపులోంచి తల లోపలికి పెట్టాడు.

"ఏం సిస్టర్, గింత పెద్ద ముచ్చట కడుపుల దాచుకున్నరు! ఎప్పటిసంది తెలుసు మీకు?"

"చాన్నాళ్ల నుంచే," అన్నాను నవ్వుతూ.

ఎందుకలా అన్నానో ఆ క్షణాన నాకే తెలియదు. నాకూ ఇప్పుడే తెలిసిందండీ అనడానికి నోరు రాలేదు. అంటే ఆయన ముఖంలో ఏం కనబడుతుందో ముందే కనబడింది నాకు. అయ్యో పాపం అని. పాపం అనిపించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ పడదు. సాయంత్రానికి ల్యాబ్ టెక్నీషియన్ అడిగింది, అంబులెన్స్ డ్రైవర్ అడిగాడు, ఆయమ్మ అడిగింది. అందరికీ అదే జవాబు. నాలుగోసారికి నాకు బాగా అలవాటైంది.

మాది భద్రాచలం దాటాక చర్ల వైపు పోయే దారిలో ఉన్న చిన్న దవాఖానా. ఆమె కాంట్రాక్టు మీద చేరినప్పుడు ఇరవై నాలుగేళ్లది. కారేపల్లి పక్కన తండా పిల్ల. నాది పెనుబల్లి వైపు. నేను "వచ్చాడు" అంటే ఆమె పకపకా నవ్వేది, ఆమె "వచ్చిండు" అంటే నేను వెక్కిరించేదాన్ని. మొదటి వానాకాలం వాగు పొంగి మూడు రోజులు రోడ్డు తెగిపోయింది. ఆ మూడు రోజులూ ఇద్దరమే వార్డు చూశాం. రెండు కాన్పులు చేశాం. తర్వాత ఆమె తన గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చింది, ఇక్కడే తింటా అంది. అప్పటి నుంచి నా ఇంట్లో రెండు కంచాలు. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా అడగడం మానేశారు. ఆ పిల్ల వచ్చాక నేనూ ఆ సంగతి మరిచిపోయాను.

మెసేజ్ చూశాక ఒక్కొక్కటీ అర్థమవడం మొదలైంది. రెండేళ్లుగా సాయంత్రాలు చెవుల్లో తీగలు పెట్టుకుని గొణుక్కుంటుంటే పాటలనుకున్నాను. జర్మన్ క్లాసులట. అన్న కూతురికి జరమని హైదరాబాద్ పోయిన రెండు రోజులూ పరీక్షలట. అక్కడ నర్సు పని చేయాలంటే ఆ భాషలో బి టూ అనే మెట్టు దాటాలి. దాటిందట. ఆ రెండు రోజులూ ఆమె డ్యూటీలు చేసింది ఎవరనుకున్నారు? నేనే. అన్న కూతురికి జరం తగ్గిందా అని ఫోను చేసి అడిగింది కూడా నేనే.

ఆ సాయంత్రం మైసూర్‌పాక్ పొట్లం తీసుకుని వచ్చింది. గడపలోనే నిలబడింది.

"అక్కా, నీకు చెప్దామనే అనుకున్న…"

"తెలుసులే," అన్నాను. "కూరలో ఉప్పు చూడు."

మాట అక్కడితో ఆపేశాను. ఆమె గరిటతో కూర అరచేతిలో వేసుకుని చూసి, సరిపోయిందంది. ఇద్దరం తిన్నాం. ఆమెకు ప్రయాణం ఇంకా మూడు వారాలుంది. మళ్లీ ఆ మాట ఆమె ఎత్తలేదు, నేను ఎత్తనివ్వలేదు.

వారం తిరక్కుండా వీడ్కోలు పార్టీ మాట వచ్చింది. మా దగ్గర ఎవరు బదిలీ అయినా ఒక శాలువా, ఒక దండ, సమోసాలు, అయిపోయింది. ఈసారి అట్ల కుదరదంది ల్యాబ్ టెక్నీషియన్. దానికి ఇరవై అయిదేళ్లు, ఫోనులో చూసినవన్నీ చేయాలంటుంది. పార్టీకి ఒక థీమ్ ఉండాలట. విమానాశ్రయం థీమ్. మీటింగ్ హాలే ఎయిర్‌పోర్టు. పిలుపు కార్డులు బోర్డింగ్ పాసులలాగా పొడుగ్గా ఉండాలి, ఒక కొసన చింపడానికి చుక్కల గీత ఉండాలి. అందరూ నీలం, తెలుపు బట్టలు కట్టుకోవాలి. ఆటలుండాలి. చివర్లో జ్ఞాపకాల పుస్తకం చేతికివ్వాలి.

"పుస్తకం పని సిస్టర్‌కే," అంది హెడ్ సిస్టర్ నన్ను చూపిస్తూ. ఆమెది మధిర వైపు, మాట మెత్తగా ఉంటుంది, తప్పించుకోవడానికి సందు ఉండదు. "ఆ పిల్ల గురించి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

ఎవరికీ తెలియదు మరి. ఒప్పుకున్నాను.

టైము కుదర్చడమే పెద్ద పని అయింది. వార్డు ఖాళీ చేసి అందరం పార్టీకి పోలేం కదా. పొద్దుటి డ్యూటీ రెండింటికి దిగుతుంది, మధ్యాహ్నం వాళ్లు ఎక్కుతారు. అందుకని రెండున్నర నుంచి నాలుగున్నర పెట్టుకున్నాం. మధ్యాహ్నం డ్యూటీ వాళ్లు ఇద్దరిద్దరు విడతల వారీగా వచ్చిపోవాలి. కాన్పు కేసు వస్తే ఎవరు లేవాలో కూడా ముందే రాసి గోడకు అంటించాం. ఆ రోజు పొద్దుటి డ్యూటీ నాదీ, ఆమెదీ పడేలా నేనే చూశాను. ఆమెతో అదే చివరి డ్యూటీ. పేషెంట్లకు మందులిస్తూ వార్డు ఈ కొసన ఒకరం, ఆ కొసన ఒకరం తిరిగాం.

ఇక పుస్తకం. నాకు కోపం ఎంత ఉన్నా పని పాడుచేసే అలవాటు లేదు. భద్రాచలంలో మందపాటి చార్టులు కొని ఒకే కొలతకు కోయించాను. ఎడమ పక్క రెండు వేళ్ల వెడల్పు వదిలి రాయాలని ప్రతి కాగితం మీద పెన్సిలు గీత గీశాను. లేకపోతే రంధ్రాలు పొడిచాక సగం అక్షరాలు దారం కిందికి పోతాయి. మనిషికో కాగితం, వారం గడువు. పాడుచేసేవాళ్లు ఉంటారని పది కాగితాలు ఎక్కువ పెట్టుకున్నాను. ఫోటోలు ఎవరి ఫోనులో ఉన్నవి వాళ్లను పంపమని, మంచివి ఏరి స్టూడియోలో ప్రింటు తీయించాను. బంక పెడితే కాగితం ముడతలు పడుతుంది, గ్లూ స్టిక్కే వాడాలి. అట్ట మీద ఆమె మొదటి రోజుల ఫోటో, దాని కింద ఆమె పేరు. కుట్టడానికి ఫైలు దారం. అది అయితే ఆలస్యంగా ఇచ్చినవాళ్ల కాగితం ఎప్పుడైనా విప్పి చేర్చవచ్చు.

కాగితాలు రావడం మొదలయ్యాక తల పట్టుకున్నాను. ఏళ్ల తరబడి రిజిస్టర్లు రాసీ రాసీ మావాళ్లకు వేరేగా రాయడం రాదు. ఫార్మసిస్టు "సదరు సిస్టర్ గారు తమ విధులను సక్రమంగా నిర్వర్తించినారు" అని రాసి కింద సంతకం, ముద్ర కూడా వేశాడు. ఒక నర్సు రాసింది: "మనిషి శాంతంగా ఉంటుంది. ఆహారం బాగా తీసుకుంటుంది. ఇబ్బందులు ఏమీ చెప్పలేదు." ఇది కేస్‌షీటా, జ్ఞాపకమా అని వెనక్కి పంపించాను. కూర్చోబెట్టి, ఆమెతో ఒక్క రోజు చెప్పండి, ఏ రోజైనా సరే, ఆ రోజు ఏం జరిగిందో అది రాయండి అని వెంటపడ్డాను. అప్పుడు వచ్చాయి అసలు పేజీలు. డ్రైవర్ అంబులెన్స్ బురదలో దిగబడిన రోజు రాశాడు, ఆమె చెప్పులు విప్పి తోసిందట. ఆయమ్మకు చదువు రాదు. ఆమె చెబుతుంటే నేను రాశాను. తర్వాత అరచేతికి పుండ్లకు పూసే ఊదారంగు మందు పూసుకుని కాగితం మీద నొక్కింది. ఆ ఊదారంగు వారం రోజులు ఆమె చేతికి అలాగే ఉండిపోయింది.

అందరి పేజీలూ వచ్చాయి. నాది రాలేదు.

నాలుగు సార్లు మొదలుపెట్టాను. వాగు పొంగిన రోజులు రాద్దామంటే, దాని తర్వాత ఇంకా ఏదో రాయాలి కదా, అక్కడ ఆగిపోయేది. నిజం రాస్తే ఒకటే వాక్యం. నాకెందుకు చెప్పలేదు? అది పుస్తకంలో రాసే మాటా? పైగా దారం కట్టిన పుస్తకం మీటింగ్ హాల్లో అల్మారాలో పెట్టాను. వచ్చినవాళ్లందరూ తిప్పి చూస్తున్నారు. అందరూ మొదట వెతికేది నా పేజీనే.

"నీ పేజీ ఏదక్కా?" అని ల్యాబ్ పిల్ల రోజూ అడిగేది. "అసలు ఆమె నీకు చెప్పిన రోజు రాయక్కా. అది సూపర్ ఉంటది."

పార్టీకి ముందు రోజు కూర్చుని రాసేశాను. ఒక పొగమంచు పొద్దున. రాత్రి డ్యూటీ దిగి ఇద్దరం మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాం. నువ్వు గ్లాసు కింద పెట్టి, అక్కా, నీకే మొదలు చెప్తున్న, జర్మనీ పోదామనుకుంటున్న అన్నావు. నాకు సంతోషంతో మాట రాలేదు. పో, భయపడకు, ఇక్కడ నేనున్నాను కదా, అన్నాను. ఆ తర్వాత క్లాసులకు నిన్ను నేనే లేపేదాన్ని, పరీక్షకు నేనే బస్సెక్కించాను. అంతా గుక్క తిప్పుకోకుండా రాశాను. నేను రాసిన వాటిలో అంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. చదివి హెడ్ సిస్టర్ కళ్లు తుడుచుకుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను. పుస్తకం చుట్టూ కట్లకు వాడే తెల్ల టేపు రెండు చుట్లు చుట్టి "విమానం ఎక్కాకే విప్పాలి" అని రాశాను. ఆమె దాన్ని చదివేసరికి నాకు దూరంగా ఉండాలి. అంత దూరాన చదివి సిగ్గుపడాలని నా కోరిక. ఇది కూడా చెప్పాలి కదా. అది ప్రేమతో రాసిన పేజీ కాదు. గుచ్చుకోవాలని రాశాను.

పార్టీ రోజు హాలు నిజంగానే బాగుంది. తలుపు దగ్గర డ్రైవర్ తెల్ల చొక్కా, నీలం ప్యాంటుతో నిలబడి ఒక్కొక్కరి బోర్డింగ్ పాసు చింపి కొస ఇస్తున్నాడు. వెనక బల్లల మీద ఊర్ల పేర్ల బోర్డులు, పైన దారాలకు వేలాడే కాగితం విమానాలు. కుర్చీలు రెండు వరసలు, మధ్యన దారి. ఆమె నీలం చుడీదార్ వేసుకుంది. ల్యాబ్ పిల్ల ఆమె తలకు అట్టతో చేసిన పైలట్ టోపీ పెట్టింది. ఆ టోపీలో ఆమె నా వైపు చూసి నవ్వింది. నేను సమోసాల పళ్లాలు సర్దడంలో పడ్డాను.

మొదటి ఆట సామాను తూకం. ఒక పెట్టె తెరిచి పెట్టి పక్కన ఆమె తీసుకుపోయే సామాన్లే కుప్ప పోశారు. పచ్చడి సీసాలు, చింతపండు, కారప్పొడి, ఎండు రొయ్యలు, స్వెటర్లు, నర్సింగ్ పుస్తకాలు. ఇద్దరిద్దరు జట్టుగా వచ్చి విమానంలో ఒప్పుకునే ఇరవై మూడు కిలోలకు దగ్గరగా పెట్టె సర్దాలి. సర్దుతున్నప్పుడు తూచకూడదు, చేత్తో ఎత్తి చూడొచ్చు. మూడు నిమిషాలయ్యాక ఓపీలోంచి తెచ్చిన తూకం మిషను మీద పెట్టాలి. దాటితే ఓడినట్టే. ఫార్మసిస్టు జట్టుకు ముప్పై వచ్చింది. పచ్చళ్లన్నీ పెట్టేశాడు. ఆయమ్మ జట్టుకు ఇరవై రెండున్నర. రోజూ పసిపిల్లల్ని ఎత్తే చేతులు మరి. అందరూ ఈలలు వేశారు.

రెండో ఆట మొదలవబోతుండగా డాక్టర్ గారు లేచారు. ఆయనకు భద్రాచలంలో మీటింగ్, నాలుగింటికల్లా అక్కడుండాలి.

"నేను పోయేముందు ఆ పుస్తకం నా చేతుల మీదుగా ఇస్తా, తెండి."

"సార్, అది చివర్లో…" అన్నాను. పుస్తకం అప్పటికే ల్యాబ్ పిల్ల ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన టేపు మీద రాసింది చదివారు. నవ్వారు. జేబులోంచి పెన్ను తీసి టేపు కింద దూర్చి పర్రున చింపేశారు.

"ఏందిది, మందుల పార్శిలా? విప్పమ్మా, అందరం చూద్దాం. మీ అక్క పేజీ ముందు చదువు, గట్టిగ."

ఆమె పేజీలు తిప్పింది. నా చేతిరాత ఆమెకు తెలుసు, వెంటనే దొరికింది. చదువుతోంది. హాలంతా ఆమె ముఖం చూస్తోంది, నేను తప్ప. నేను పళ్లెంలో సమోసాలు చూస్తున్నాను. ఎంతసేపు చదివిందో తెలియదు. ఒక్క పేజీ అంతసేపు ఎవరూ చదవరు.

"ఇది నాకోసం రాసింది సార్," అంది చివరికి. "నేను తర్వాత చదువుకుంట."

సంతోషంతో ఏడుస్తోందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టర్ గారు జీపెక్కి వెళ్లిపోయారు.

మిగిలిన ఆట ఒక్కటే, పలకల ఆట. అంగన్‌వాడీ నుంచి పదిహేను పలకలు, బలపాలు తెచ్చారు. ఆమె గురించి ఫార్మసిస్టు ఒక్కో ప్రశ్న అడుగుతాడు. ఆమె తన పలక మీద జవాబు రాసి బోర్లా పెట్టుకుంటుంది. ముప్పై లెక్కపెట్టేలోగా మేమూ రాయాలి. తర్వాత అందరం ఒకేసారి పలకలు ఎత్తాలి. ఆమె రాసిందే ఎవరు రాస్తే వాళ్లకు ఒక మార్కు. పది ప్రశ్నలు. నేనూ ఆడతాను కాబట్టి ప్రశ్నలు నాకు ముందే చూపించలేదు.

ఆమెకు ఇష్టమైన కూర? చింతచిగురు పప్పు. దేనికి భయం? బల్లికి. మొదటి నెలలో చేసిన పెద్ద తప్పు? మగపిల్లాడు పుట్టాడని ఆడపిల్ల తండ్రికి చెప్పడం. ఎనిమిది ప్రశ్నలకు నాకు ఎనిమిది మార్కులు. నా తర్వాత ఉన్నవాళ్లకు నాలుగు. నేను రాస్తుంటే బలపం అదంతటదే పోతోంది. ఒక మనిషి గురించి ఇంత తెలుసు నాకు అనుకున్నాను. తొమ్మిదోది కూడా నాకే వచ్చింది.

"లాస్ట్ క్వశ్చన్," అన్నాడు ఫార్మసిస్టు. "జర్మనీ పోతున్ననని మన దవాఖానాల మొదలు ఎవరికి చెప్పింది?"

హాలంతా నవ్వు. ఇదేం ప్రశ్న, అందరికీ తెలిసిందే కదా అని. పలకల మీద బలపాల చప్పుడు. నేను బలపం పట్టుకుని ఆమె వైపు చూశాను. ఆ రోజు మొదటిసారి నేరుగా చూశాను. ఆమె అప్పటికే ఏదో రాసింది. రాసి ఆగింది. అరచేత్తో చెరిపేసింది. మళ్లీ రాసి బోర్లా పెట్టింది. నీలం బట్టల మీద తెల్లగా బలపం పొడి.

నా పలక ఖాళీగానే ఉంది. ముప్పై అయిపోయింది.

పలకలన్నీ లేచాయి. అక్క, అక్క, సిస్టర్, పెద్ద సిస్టర్, అక్క. ఆయమ్మ రాయలేక వేలితో నన్ను చూపించింది. టోపీ పెట్టుకున్న ఆమె కూడా తన పలక ఎత్తింది. దాని మీద కూడా అక్క అనే ఉంది.

నాది చూసి ఫార్మసిస్టు పెద్దగా నవ్వాడు. "సిస్టర్ సిగ్గుపడ్తున్నరు! తన పేరు తనే ఎట్ల రాస్కుంటరు? మార్కు ఇచ్చేద్దాం."

పదికి పది. ల్యాబ్ పిల్ల మెరుపు కాగితం పట్టీ ఒకటి నా మెడలో వేసింది. "ఆమె సంగతి అంతా తెలిసిన మనిషి" అని దాని మీద రాసి ఉంది. అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. ఆమె చెయ్యి నా భుజం మీద వేసింది. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. అంతమంది మధ్య అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. ఎందుకంటే నా అబద్ధం సంగతి ఆ హాల్లో ఒక్క ఆమెకే తెలుసు. నన్ను అందరి ముందూ నిలబెట్టి ఆమే కాపాడింది. ఎవరి మీద కోపం పెట్టుకున్నానో ఆ మనిషే.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఖమ్మం పోవడానికి బండి వస్తుంది. నాకు రెండింటికి డ్యూటీ. పదింటికి ఆమె క్వార్టర్‌కు వెళ్లాను. మంచం మీద పెట్టె, పైన ఆ పుస్తకం. నా చేతిలో ఇంకో కాగితం ఉంది. పొద్దున్నే రాసింది. పెన్సిలు గీత గీసి, రెండు వేళ్లు వదిలి. అందులో ఉన్నది ఇంతే: నువ్వు నాకు చెప్పలేదు. గ్రూపులో చూసి తెలుసుకున్నాను. కోపం వచ్చింది, ఇంకా ఉంది.

"దారం విప్పు," అన్నాను. "ఆ పేజీ తీసి ఇది పెడతాను. అదంతా నేను కల్పించింది."

ఆమె కాగితం చదివి మంచం మీద కూర్చుంది. జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చోలేదు.

"మొదలు డాక్టర్ సార్‌కు చెప్పినక్కా. సర్టిఫికెట్ మీద సంతకం కావాలె గదా. పలక మీద మొదలు గదే రాసిన."

"నాకెందుకు చెప్పలేదు?"

"నాలుగేండ్ల కింద హైదరాబాద్ దవాఖానాల జాబ్ వచ్చిందని చెప్పిన నీకు. యాదికున్నదా? ఏమన్నవ్ అప్పుడు?"

యాదికి లేకేం. ఇక్కడే పర్మినెంట్ అవుతుంది, పోకు అన్నాను. రెండు రోజులు వరసగా అన్నాను. మూడో రోజు జరమొచ్చిందని పడుకున్నాను. నిజంగానే జరమే. ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. పర్మినెంట్ కాలేదు. దాని గురించి ఆమె ఒక్కసారి కూడా నన్ను ఎత్తిపొడవలేదు, అందుకని నేను పూర్తిగా మరిచిపోయాను.

ఆమె పుస్తకం ఒళ్లో పెట్టుకుని నా పేజీ తీసింది. ఒక వరస మీద వేలు పెట్టింది.

"గీడ రాసినవ్ గదా. పో, భయపడకు, ఇక్కడ నేనున్నాను అని. నిజంగ చెప్పుంటే నువ్వు గీ మాట అనేదానివా అక్కా?"

అనేదాన్నే, అని నాలుక చివరి దాకా వచ్చింది. మూడు వారాలుగా అందరికీ ఎంత సులువుగా చెప్పానో అంత సులువుగా రాబోయింది. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"లేదు," అన్నాను. "వద్దనేదాన్ని."

"వద్దంటే ఆగిపోయేదాన్ని."

నేను వంగి దారం ముడి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి పక్కకు తీసింది.

"ఇది తియ్యకు. దీంట్ల వేరేవాళ్లు రాసినయన్ని జరిగినయే. గవన్ని నాకు తెల్సినయే, యాదికే ఉన్నయ్. గిది ఒక్కటే నాకు దొరకంది. నేను తీస్కపోత." నేను తెచ్చిన కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గర్నే ఉంచుకో. కోపం పోయినంక నాకు ఫోను చెయ్యి."

పన్నెండు దాటాక బండి వచ్చింది. ఆయమ్మ, ల్యాబ్ పిల్ల, ఫార్మసిస్టు, అందరూ వచ్చి నిలబడ్డారు. ఆమె అందరికీ దండం పెట్టి ఎక్కింది. నా వైపు అద్దం దించి చూసింది. అందరూ నా వైపు చూస్తున్నారు, ఇప్పుడు ఈమె ఏమంటుందా అని. గట్టిగా అందరికీ వినబడేలా అన్నాను, "పో. భయపడకు." మూడో మాట కూడా ఉంది. అది మాత్రం నోటికి రాలేదు.

రెండింటికి డ్యూటీ ఎక్కాను. కొత్తగా చేరిన నర్సు మందుల ట్రే సర్దుతూ అడిగింది, "అమ్మా, ఆ సిస్టర్ మొదలు మీకే చెప్పిందంట గదా?" నేను కేస్‌షీటు తీసుకుని మొదటి మంచం దగ్గరికి వెళ్లాను. నేను వినలేదనుకుని ఆ పిల్ల మళ్లీ అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది."